ఊరికే పలకరించాను

మన ఊళ్లలో పలకరింపు ఒంటరిగా రాదు. ప్రశ్నను వెంటబెట్టుకుని వస్తుంది. పొద్దున్నే ఎదురైతే "కాఫీలయ్యాయా?" అంటారు. మధ్యాహ్నమైతే "భోజనాలయ్యాయా?" అంటారు. సంచీతో బస్సు దిగిన మనిషిని చూసి "ఇప్పుడేనా రావడం?" అంటారు. గడప దాటి బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లే పని చెడుతుందన్న పట్టింపు ఉంది కాబట్టి "దూరమా?" అని ఊరుకుంటారు. అడిగేవాళ్లకు మన కాఫీతో పని లేదు, ఆ సంగతి మనకూ తెలుసు. అయినా ప్రశ్న ఉండటం వల్ల జవాబు కోసం వెతుక్కోవలసిన పని ఉండదు. "అయ్యాయండీ, మీవో?" అంటే ఇద్దరికీ తృప్తి.

ఢిల్లీ ఆర్.కె. పురంలో అలా కాదు. పొద్దున మదర్ డెయిరీ బూత్ దగ్గర పాల కోసం నిలబడితే మొహమ్మద్‌పూర్ ఊరి పెద్దాయన ఒకరు "రామ్ రామ్ జీ" అంటారు. మలై మందిర్ వైపు నడిచి వెళ్తుంటే తమిళ పెద్దలు "వణక్కం" అంటారు. మా క్వార్టర్ల మెట్ల మీద ఎదురైనవాళ్లు "నమస్తే జీ" అంటారు. వెనక ప్రశ్న ఉండదు. పలకరింపు చెప్పి ఊరుకుంటారు. ఆ తర్వాత ఏమనాలన్నది నా వంతుకు వస్తుంది.

ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ, ఆ ఒంటరి నమస్తే విన్నప్పుడు నాలో మొదట కదిలేది ఏమిటా అని ఈమధ్య జాగ్రత్తగా గమనించుకుంటున్నాను. మొదట కదిలేది సంతోషం కాదు. "ఏం కావాలి ఈయనకి?" అన్న ఆలోచన. ముఖం నవ్వుతూనే ఉంటుంది, చేతులు జోడిస్తూనే ఉంటాయి, లోపల మాత్రం ఆ ప్రశ్న లేస్తుంది. దాని వెనకే నోట్లోంచి "చెప్పండి" అన్న మాట వస్తుంది, హిందీలో అయితే "బతాయియే".

ఆ మాట ఎక్కడ నేర్చానో నాకు తెలుసు. నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. ఆఫీసు ఇక్కడికి నడిచి వెళ్లగలిగే దూరంలో, వెస్ట్ బ్లాక్‌లో. నా బల్ల ముందుకు వచ్చేవాళ్లందరూ పని మీదే వస్తారు. పింఛను కాగితం ఆగిపోయినవాళ్లు, సెలవు మంజూరు కానివాళ్లు, బదిలీ దరఖాస్తు ఎక్కడుందో తెలుసుకోవాలనుకునేవాళ్లు. వాళ్ల నమస్కారం తలుపు తట్టడం లాంటిది. దానికి "చెప్పండి" సరైన జవాబే. మర్యాద కూడా, వాళ్ల సమయం వృథా కాదు. కానీ ఆ జవాబు సాయంత్రం ఆరు తర్వాత కూడా నా వెంట మెట్లెక్కి వస్తోంది. పార్కులో ఎండకు కూర్చున్న పొరుగాయన నమస్తే అంటే నేను "చెప్పండి" అంటే, ఆయనను నా బల్ల ముందు నిలబెట్టినట్టే. ఏదో ఒక పని చూపిస్తేనే నాతో మాట్లాడే అర్హత ఉందని ఆయనకు చెప్పినట్టే. ఊరికే పలకరించిన మనిషి అప్పుడు "ఏం లేదండీ, ఊరికే" అని సంజాయిషీ ఇచ్చుకోవాలి. పలకరింపుకు సంజాయిషీ అడగడం కంటే చల్లారిన జవాబు ఇంకొకటి ఉంటుందా?

అందుకే ఈ విషయాన్ని శ్రద్ధగా చదివినవాళ్లు ఏమన్నారో వెతికాను. పోలండ్‌లో పుట్టిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ 1923లో ఒక వ్యాసంలో ఇలాంటి మాటల గురించి రాశాడు. పలకరింపులు, వాతావరణం కబుర్లు ఆలోచనను చేరవేయడానికి కావు, మనుషుల మధ్య బంధం నిలపడానికి అన్నాడు. ఆ మాట నిజమే. కానీ దాన్ని పట్టుకుని పలకరింపులో సమాచారమే లేదనుకుంటే పొరబాటు. ఎంత ఉందో నాకు తెలియజెప్పింది ఇమాన్యుయల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త 1968లో ప్రచురించిన పరిశోధన.

ఆయన ఒక పోలీసు శాఖకు వచ్చిన, అక్కడి నుంచి వెళ్లిన ఫోన్ కాల్స్ రికార్డులు దాదాపు 500 తీసుకుని, అవి ఎలా మొదలవుతున్నాయో చూశాడు. దాదాపు అన్నింటిలోనూ ఒక నియమం కనిపించింది. ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడతారు. ఒక్క కాల్‌లో మాత్రం అలా జరగలేదు. పోలీసులే ఫోన్ చేశారు, అవతల రిసీవర్ ఎత్తారు, ఒక సెకను నిశ్శబ్దం. అప్పుడు ఫోన్ చేసిన పోలీసు "హలో" అన్నాడు. దాని తర్వాతే అవతలి మనిషి తమ సంస్థ పేరు చెప్పాడు. 500లో ఒక్కటే కదా అని షెగ్లాఫ్ దాన్ని పక్కన పెట్టలేదు. ఆ ఒక్కటి కూడా ఇమిడేలా తన నియమాన్నే మళ్లీ ఆలోచించాడు. ఫోన్ గంట ఒక పిలుపు, ఎత్తినవాళ్ల మొదటి మాట ఆ పిలుపుకు పలుకు. ఆ పలుకు రాలేదు కాబట్టి పోలీసు మళ్లీ పిలిచాడు. ఆ "హలో" పలకరింపు కాదు. "ఉన్నారా?" అన్న రెండో పిలుపు.

ఇది చదివాక నా మెట్ల మీది నమస్తేలు నాకు కొత్తగా వినిపించాయి. ప్రశ్న లేని పలకరింపు రెండు రకాలు. ఒకటి పిలుపు. పిలిచినవాళ్లకు తర్వాత చెప్పవలసినది ఒకటి ఉంటుంది. మనం పలికితే వాళ్లు మాట్లాడి తీరాలి. పేరు పెట్టి పిలిచి, మనం "ఆఁ" అన్నాక మౌనంగా ఉండిపోతే అది వింతగా ఉంటుంది. రెండోది పలకరింపు. అది రెండు మాటలతో నిండుతుంది, వాళ్లదొకటి, మనదొకటి. ఆ తర్వాత ఎవరి దారిన వాళ్లు వెళ్లినా లోటు లేదు. ఆఫీసు నుంచి ఇంటికి తెచ్చుకున్న నా చెవి ప్రతి పలకరింపునూ పిలుపుగానే వింటోంది. "ఏం కావాలి?" అన్న ఆలోచన అక్కడి నుంచి పుడుతోంది.

రెండింటినీ వేరు చేయడం కష్టమేమీ కాదు, వినాలంతే. పిలుపు చివర స్వరం కాస్త పైకి లేచి ఆగుతుంది, పలకరింపు చివర స్వరం కిందికి దిగి ముగుస్తుంది. పిలిచిన మనిషి కాళ్లు ఆగుతాయి, ఒళ్లంతా మన వైపు తిరుగుతుంది. పలకరించిన మనిషి నడుస్తూనే ఉండవచ్చు, లేదా కూర్చున్న చోటే కూర్చుని తలూపవచ్చు. చూపును కూడా గమనించాలి. మన చూపు కలిసిన తర్వాత కూడా వాళ్ల చూపు మన మీదే నిలిచి ఉంటే లోపల ఇంకేదో ఉందని. కలిసి, మెత్తబడి, పక్కకు తప్పుకుంటే చెప్పవలసింది చెప్పేశారని.

అయితే నేను పిలుపో పలకరింపో పోల్చుకునే లోపే నా నాలుక కదిలిపోతుంది. దీనికి కారణం కూడా తెలుసుకున్నాను. పది భాషల్లో జరిగిన సంభాషణలను పోల్చిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య ఎడం సగటున సెకనులో ఐదో వంతేనని తేలింది. అంత తక్కువ వ్యవధిలో నాకు ఆలోచించే వీలుండదు, అలవాటైన మాటే వస్తుంది. అందుకే నేను ఆ ఐదో వంతుతో పోట్లాడటం మానేశాను. దాన్ని అలవాటుకే వదిలి, అలవాటును మాత్రం మార్చుకుంటున్నాను. "చెప్పండి" ఉన్న చోట వాళ్ల పలకరింపునే తిరిగి పెడుతున్నాను. "రామ్ రామ్ జీ" అంటే "రామ్ రామ్ తావూజీ". "నమస్కారం" అంటే "నమస్కారం మామ్మగారూ". ఆ తర్వాత ఒక సెకను ఊరుకుంటాను. అది పిలుపైతే ఆ సెకనులో అసలు సంగతి దానంతట అదే బయటికి వస్తుంది. పలకరింపైతే ఆ సెకను ఇద్దరికీ హాయిగా గడుస్తుంది.

వరస పెట్టి పిలవడం ఇందులో ముఖ్యం. ఉత్త "నమస్తే"కు ఉత్త "నమస్తే" సరిపోతుంది గాని, అది ఎవరికైనా చెప్పగలిగిన జవాబు. "మామ్మగారూ" అని చేర్చినప్పుడు, "మిమ్మల్ని పోల్చుకున్నాను, ఈ మాట మీకే" అన్నది కూడా అందులో చేరుతుంది. మొదట పలకరించినవాళ్లు కొంత చొరవ చేసినవాళ్లు, జవాబు వస్తుందో రాదో తెలియకుండా ముందు నోరు విప్పినవాళ్లు. కాబట్టి జవాబు వాళ్ల పలకరింపు కంటే ఒక మాట పెద్దదిగా ఉంటే బాగుంటుందని నాకనిపిస్తుంది.

మామ్మగారు అన్నాను కదా. కింది అంతస్తులో ఉండే తెలుగువారింటికి పాలకొల్లు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. ఆర్.కె. పురంలో ఇలాంటి మామ్మలు చాలామంది ఉంటారు. కొడుకుకో కూతురికో కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం, ఇక్కడ క్వార్టర్. ఊళ్లో ఒంటరిగా ఎందుకని తీసుకొస్తారు. పగలంతా ఇంట్లో పెద్దలు ఆఫీసుకి, పిల్లలు బడికి. హిందీ రాదు. పక్కింటివాళ్లు గఢ్వాలీలు, ఎదురింటివాళ్లు బిహారీలు. తెలుగు తెలిసిన ముఖం రోజులో ఎప్పుడో ఒకసారి మెట్ల మీద కనిపిస్తుంది. ఆ ముఖాల్లో నాదొకటి. నేను సాయంత్రం ఇంటికి వస్తుంటే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆవిడ "నమస్కారం బాబూ" అనేవారు. అంతే, వెనక ఏమీ లేదు.

ఆవిడ మాటతీరు గోదావరి జిల్లాది. అక్కడ పలకరింపంటే ప్రశ్నల వాన. "కోతలయ్యాయా?", "అమ్మాయి పురిటికొచ్చిందా?", "మీ బావగారి కంటి ఆపరేషన్ ఎలా అయింది?" అలా అడగగలిగే మనిషి నన్ను మాత్రం ఏమీ అడగరెందుకు? చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. చివరికి తట్టింది. ప్రశ్న అడగాలంటే ముందు కొంత తెలిసి ఉండాలి. కోతలయ్యాయా అని అడగాలంటే వాళ్లకు పొలం ఉందని తెలియాలి. పురిటికొచ్చిందా అని అడగాలంటే కడుపుతో ఉందని తెలియాలి. ఊళ్లో ఆ ఎరుక పుట్టినప్పటి నుంచి పోగవుతుంది. ఇక్కడ అది లేదు. మా క్వార్టర్లలో ఇల్లు ఎవరికీ సొంతం కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు క్వార్టర్. బదిలీ అయినా, పదవీ విరమణ చేసినా కొన్ని నెలల్లో ఖాళీ చేయాలి. పొరుగువాళ్ల సంగతులు పోగయ్యేలోపు పొరుగువాళ్లే మారిపోతారు. మామ్మగారికి నా గురించి తెలిసినదల్లా నేను తెలుగువాడినని, పైన ఉంటానని.

అంటే ఆవిడ "నమస్కారం బాబూ" నాకు రెండు సంగతులు చెబుతోంది. "నిన్ను చూశాను, నువ్వు వచ్చినందుకు సంతోషం" అన్నది ఒకటి. "నీ గురించి అడగడానికి నాకేమీ తెలియదు, తెలిసినట్టు నటించను" అన్నది రెండోది. ఆ రెండోదానిలో ఎంత నిజాయితీ ఉందో గ్రహించాక నా అనుమానం దానంతట అదే కరిగిపోయింది. ప్రశ్న లేకపోవడం ముక్తసరితనం కాదు. మా ఇద్దరి పరిచయం ఎంతవరకు ఉందో అంతవరకే వచ్చి, గడప దగ్గర ఆగిన మర్యాద అది.

అలాంటి పలకరింపుకు వెచ్చని జవాబు ఏమిటి? తిరిగి ఆవిణ్ణి ప్రశ్నలతో ముంచెత్తడం కాదు. మొదట్లో నాకు తోచింది అదే. "ఒంట్లో ఎలా ఉంది? ఇక్కడ అలవాటైందా? చలి తట్టుకోగలుగుతున్నారా?" ఇవి మంచి ప్రశ్నలే. కానీ వీటన్నిటికీ ఆవిడ "బానే ఉంది బాబూ" అనే అనగలరు. కొడుకూ కోడలూ ఉండే గుమ్మంలో కూర్చుని ఇంకేం చెబుతారు? నా ప్రశ్న ఆవిడ బతుకును బయటపెట్టమంటుంది, నా గురించి మాత్రం ఏమీ ఇవ్వదు. ఆవిడకు కావలసినది నన్ను అడగడానికి ఒక ఆధారం. అందుకని నేను నా సంగతి ఒక్కటి చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కటే, చిన్నది, రేపటికి మిగిలేది.

"నమస్కారం మామ్మగారూ. మా అమ్మాయికి ఎల్లుండి నుంచి పరీక్షలు. దానికి ఇష్టమని వంకాయలు తెచ్చాను" అన్నాను ఒక సాయంత్రం, సఫల్ బూత్ నుంచి వస్తూ. ఆవిడ సంచీ వైపు చూశారు. "ఇక్కడి వంకాయలకు రుచేదీ బాబూ" అన్నారు. నేను నిలబడ్డాను. ఆవిడ పాలకొల్లు సంత గురించి రెండు మాటలు చెప్పారు, నేను పైకి వెళ్లిపోయాను. ఆ మాత్రమే. పరీక్షలు మొదలైన రోజు గుమ్మం దగ్గరికి రాగానే ఆవిడ "నమస్కారం" అనలేదు. "అమ్మాయి ఎలా రాసింది?" అన్నారు.

ఆ ప్రశ్న నాకు బహుమతి. ఢిల్లీలో మా ఇంటి సంగతి తెలిసి, గుర్తుపెట్టుకుని, దాని మీద అడిగే గుమ్మం ఒకటి ఏర్పడింది. అది ఏర్పడటానికి నేను చేసిందల్లా పలకరింపుకు బదులు చెబుతూ ఒక పట్టుకొమ్మ అందించడమే.

ఆ పట్టుకొమ్మ ఎలా ఉండాలో కూడా కొంత తెలిసింది. ముగింపు తెలియని సంగతి అయితే మంచిది. "పరీక్షలు మొదలవుతున్నాయి", "రేపు ఊరి నుంచి మా అన్నయ్య వస్తున్నాడు", "కుళాయికి మనిషిని పిలిచాను, వస్తాడో లేదో" లాంటివి. వీటికి రేపు ఒక ప్రశ్న పుడుతుంది. "పని ఎక్కువగా ఉందండీ" అంటే రేపు అడగడానికి ఏమీ ఉండదు, పైగా మీతో మాట్లాడే తీరిక లేదన్నట్టు వినిపిస్తుంది. బరువైన సంగతి కూడా పనికిరాదు. మెట్ల మీద నమస్కారానికి జవాబుగా నా అప్పు గురించో జబ్బు గురించో చెబితే ఆవిడ దాన్ని మోయాలి, రేపు నన్ను చూడగానే ఏమనాలో తెలియక తల దించుకోవాలి. అవతలి మనిషి చేతిలో తేలిగ్గా ఇమిడేదే ఇవ్వాలి. వాళ్లు దాన్ని అందుకోకపోతే మళ్లీ అదే అందించకూడదు. మొహమ్మద్‌పూర్ పెద్దాయనకు నా కబుర్లు అక్కర్లేదు. ఆయనకు "రామ్ రామ్"కు "రామ్ రామ్" నిండుగా వస్తే చాలు. అక్కడ రెండు మాటలతోనే అంతా పూర్తి, నేను ఇంకేదో చేర్చబోతే అది ఆయన మీద పడిన భారం అవుతుంది.

ఫోన్‌లో ఇది ఇంకా నాజూకు. కాళ్లు ఆగాయో లేదో కనిపించదు, చూపు తెలియదు. వాట్సాప్‌లో "నమస్తే అన్నయ్యా" అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోతే స్వరం కూడా వినపడదు. పని చేసే చోట ఇలాంటి సందేశాన్ని చాలామంది ఇష్టపడరు. పలకరింపునూ ప్రశ్ననూ ఒకేసారి రాయమంటారు. పని విషయంలో అది సబబే, అవతలివాళ్లు ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. కానీ చుట్టాల నుంచి వచ్చే ఒంటరి నమస్తేకు ఆ నియమం సరిపోదు. ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రులు మాకు దగ్గర. ఊళ్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి ఢిల్లీ రావలసి వస్తే ఆర్.కె. పురంలో మనవాళ్లున్నారని గుర్తుకు వస్తుంది. అడగాలంటే మొహమాటం. అందుకని ఏళ్ల తర్వాత ఒక "హలో అన్నయ్యా" వస్తుంది, ఆ తర్వాత నిశ్శబ్దం. అది పిలుపే, కానీ గొంతు పెగలని పిలుపు. దానికి "ఏంటి విషయం?" అంటే చాలామంది "ఏం లేదు, ఊరికే చేశాను" అని ఫోన్ పెట్టేస్తారు. అసలు సంగతి అక్కడే ఆగిపోతుంది.

అలాంటప్పుడు నేను చెప్పే మాట ఒకటుంది. "ఊరికే చేసినా సంతోషమే తమ్ముడూ. పనుంటే మొహమాటపడకుండా చెప్పు." ముందు మాట పలకరించడానికి చేసినవాళ్లకు, రెండో మాట అడగడానికి చేసినవాళ్లకు. వాళ్లు ఏ మనసుతో చేశారో నేను ఊహించనక్కర్లేదు, ఏ వైపు అడుగేసినా నేల ఉంటుంది. ఈ వరస తారుమారు కాకూడదు. ముందే "పనుందా?" అని, వెనక "ఊరికే చేసినా ఫర్వాలేదు" అంటే రెండోది క్షమించినట్టు ఉంటుంది.

దీనికి హద్దు కూడా ఉంది. తెలియని నంబర్ నుంచి వచ్చిన హలోకు ఇదంతా చెల్లదు. ముఖం తెలియని మనిషి, పేరు చెప్పకుండా "హలో, ఎలా ఉన్నారు, గుర్తుపట్టారా?" అని మొదలుపెడితే, అక్కడ లేని పరిచయాన్ని ఉన్నట్టు చూపుతున్నారు. మోసగాళ్లు ఎక్కువగా అలాగే మొదలుపెడతారు. మర్యాదగా "ఎవరండీ?" అని అడిగి, పేరు చెప్పేదాకా నా సంగతి ఒక్కటీ చెప్పను. మామ్మగారి పలకరింపుకూ దీనికీ తేడా అదే. ఆవిడ తెలియనిదాన్ని తెలుసని అనలేదు.

ఇప్పటికీ వెస్ట్ బ్లాక్‌లో నా బల్ల ముందు నిలబడ్డవాళ్లకు "చెప్పండి" అనే అంటాను, అక్కడ వాళ్లకు కావలసింది అదే కాబట్టి. బయటికొచ్చాక మాత్రం ప్రతి నమస్తేకూ నన్ను నేను ఒకటి అడుగుతాను. ఈ మనిషికి నా గురించి ఎంత తెలుసు? ఏమీ తెలియకపోతే ఏదో ఒకటి తెలియనిస్తాను. తెలిసి ఉంటే, వాళ్లకు తెలిసినదాని తరువాయి చెబుతాను. వెచ్చదనమంటే గొంతు పెంచి నవ్వడం అనుకునేవాణ్ణి. మళ్లీ ఎదురైనప్పుడు నన్ను అడగడానికి అవతలివాళ్లకు ఏదో ఒకటి ఉండేలా చూడటమే వెచ్చదనమని ఇప్పుడు నమ్ముతున్నాను.